అట్టపెట్టె బరువు తగ్గితే

ప్యాకింగ్ గదిలో ఆరు వరసలుగా పేర్చిన పెట్టెల్లో అడుగు వరస పొట్ట ఉబ్బించుకుని ఉంది. ఒక్కో పెట్టెలో అరకిలో ఆవకాయ సీసాలు పన్నెండు. ఏళ్ల తరబడి ఇదే కొలత పెట్టె వాడుతున్నాం, ఎప్పుడూ ఇలా కుంగలేదు. "సార్, ఇది మన పాత అట్ట కాదు. వేలితో నొక్కితే సొట్ట పడుతోంది" అంది ప్యాకింగ్ చూసే ఆవిడ. నాలుగు రోజుల కిందట దిగిన లోడు అది. మొత్తం 2,000 పెట్టెలు. అప్పటికే 150 వాడేశారు.

గుంటూరు దగ్గర ఓ పచ్చళ్ల యూనిట్‌లో కొనుగోళ్లు, స్టోర్స్ నేనే చూస్తాను. మామిడికాయ, కారం, నూనె విషయంలో ఉండే జాగ్రత్త అట్టపెట్టె దగ్గర ఉండదు. లెక్కపెట్టి దించుకోవడం, చలానా మీద సంతకం పెట్టడం, అంతే. ఆ సంతకం పైన ఒక్క ముక్క, "తనిఖీకి లోబడి అందుకున్నాం" అని రాసి ఉంటే తర్వాత సగం వాదన తప్పేది. మేం రాయలేదు.

ఆ పూట మొదట చేసిన పని వాడకం ఆపించడం. మిగిలిన 1,850 పెట్టెలను పక్క గదిలో చెక్క పలకల మీద పేర్చి, తాడు కట్టి, "వాడరాదు" అని ఎర్ర సిరాతో రాయించాను. కుర్రాళ్లకు నచ్చలేదు, ఆ సాయంత్రమే విజయవాడ లోడు వెళ్లాలి మరి. కానీ సరుకుల అమ్మకం చట్టం, 1930 నాటిది, ఈ విషయంలో కఠినంగా ఉంటుంది. సరుకును పరీక్షించి చూసుకునే అవకాశం కొన్నవాడికి ఇస్తుంది. అయితే సరుకు తనదే అన్నట్టు వాడటం మొదలుపెట్టినా, తగిన గడువు దాటేదాకా తిరస్కరిస్తున్నానని చెప్పకుండా ఉంచుకున్నా, ఒప్పుకున్నట్టే లెక్క. విడదీయరాని ఒప్పందంలో కొంత సరుకు ఒప్పుకున్నా చాలు, తిప్పి పంపే హక్కు పోయి, తగ్గిన విలువ అడిగే హక్కొకటే మిగిలే ప్రమాదం ఉంది. ఆ 150 పెట్టెలు నా గుండెల్లో గుబులు పుట్టించింది అందుకే.

తర్వాత, అనుమానాన్ని అంకెగా మార్చాలి. "అట్ట నాసిరకంగా ఉంది" అని రాస్తే "మాకు బాగానే ఉంది" అని జవాబొస్తుంది. అదృష్టం కొద్దీ మా ఆర్డరులో అయిదు పొరలూ 150 జీఎస్ఎం, 20 బీఎఫ్ అని రాసి ఉంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. బీఎఫ్ కాగితం చిరగకుండా ఎంత ఒత్తిడికి ఆగుతుందో చెప్పేది. అయిదు పొరల పెట్టెలో మూడు బల్లపరుపు పొరలు, వాటి మధ్య రెండు అలల పొరలు ఉంటాయి. జీఎస్ఎంను బీఎఫ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే ఒక్కో పొర బలం వస్తుంది. అలల పొరకు అందులో సగమే లెక్క కడతారు. మా ఆర్డరు ప్రకారం బల్లపరుపు పొర ఒక్కోటి 3, అలల పొర ఒక్కోటి ఒకటిన్నర. అన్నీ కలిపితే చదరపు సెంటీమీటరుకు 12 కిలోలు.

పాత లోడులో మిగిలిన పెట్టె ఒకటి దొరికింది. తూస్తే 530 గ్రాములు. కొత్తవి పది తీసి తూస్తే సగటు 445. దాన్ని చూడగానే సంగతి సగం అర్థమైంది. మిగతా సగం బకెట్‌లో తేలింది. కొత్త పెట్టె ముక్కను నీళ్లలో నానబెడితే జిగురు వదిలి పొరలు ఒక్కొక్కటిగా ఊడొస్తాయి. వాటిని బాగా ఆరబెట్టి, పది సెంటీమీటర్ల చదరం ముక్కలు కోసి, ల్యాబ్‌లో ప్రిజర్వేటివ్ తూచే చిన్న తరాజులో పెట్టాం. ఆ గ్రాములను వందతో గుణిస్తే జీఎస్ఎం. బయటి పొర సరిగ్గా గ్రామున్నర తూగింది. లోపలి నాలుగు పొరలూ గ్రాము ఇరవై దగ్గర ఆగాయి. అంటే చేత్తో తడిమే పైపొర 150, కంటికి కనబడని లోపలివి 120.

లోపలి నాలుగూ 120 జీఎస్ఎం, 16 బీఎఫ్ కాగితమైతే లెక్క ప్రకారం బలం 8.76 రావాలి. తెలిసిన చోట పేలుడు పరీక్ష యంత్రం మీద పెట్టిస్తే 8.6 వచ్చింది. రబ్బరు పొర ఉబ్బి అట్టను చీల్చుకు రావడానికి ఎంత ఒత్తిడి పట్టిందో చెప్పే యంత్రమది. విషయం తగవుదాకా పోయేలా ఉంటే తెలిసినవాళ్ల యంత్రం చాలదు, ఇరుపక్షాలూ ఒప్పుకునే ల్యాబ్ కావాలి. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ కేంద్రం ఉంది.

అప్పుడు ఫోన్ చేశాను. సప్లయర్ చిన్న యూనిట్ నడుపుకునే మనిషి, మాట మంచిది. "ఈసారికి సర్దుకోండి సార్, వచ్చే లోడులో చూసుకుందాం" అన్నాడు. ఈ మాట నమ్మి రాతపూర్వకంగా ఏమీ పంపకుండా ఊరుకున్నవాళ్లను చాలామందిని చూశాను. సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారు దగ్గర కొన్నప్పుడు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు ఆ చట్టం లెక్కిస్తుంది. చెల్లింపు గడువు ఆ రోజు నుంచే మొదలు. రాతలో ఏ ఒప్పందం ఉన్నా ఆ గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 15 రోజుల్లోగా అభ్యంతరం రాస్తే మాత్రం, సప్లయర్ ఆ అభ్యంతరాన్ని తీర్చిన రోజు నుంచి గడువు లెక్కకొస్తుంది. ఫోన్లో ఎంత గట్టిగా మాట్లాడినా ఈ లెక్కలోకి రాదు.

ఆరో రోజున మెయిల్ పెట్టాను, అదే ఉత్తరం రిజిస్టరు పోస్టులోనూ పంపాను. అందులో కోపం లేదు. ఆర్డరు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు, దిగిన తేదీ, అడిగింది, వచ్చింది. ఆపై ఇలా రాశాను: "2,000 పెట్టెల్లో 150 లోపం బయటపడక ముందే వాడకమయ్యాయి. మిగిలిన 1,850 పెట్టెలను తిరస్కరిస్తున్నాం. అవి మా దగ్గర విడిగా, చెమ్మ తగలకుండా ఉన్నాయి. మీ మనిషిని పంపి చూసుకోండి, నమూనాలు కలిసి సీలు వేద్దాం. పదిరోజుల్లో ఆర్డరు ప్రకారం పెట్టెలు మార్చి ఇవ్వండి, లేదా వాటి విలువకు క్రెడిట్ నోట్ ఇవ్వండి. వాడిన 150కి తేడా వేరుగా తగ్గించండి." తిరస్కరించిన సరుకును కొన్నవాడు తన ఖర్చుతో తిరిగి చేర్చాల్సిన పని లేదు, వేరే ఒప్పందం ఉంటే తప్ప. తిరస్కరిస్తున్నామని తెలియజేస్తే చాలని 1930 చట్టమే చెబుతోంది. వాడిన పెట్టెల సంగతి దాచకపోవడం మంచిదైంది. వాళ్ల మనిషి వచ్చి లెక్కపెట్టినప్పుడు 1,850కి 1,850 సరిపోయాయి.

ఆ వచ్చిన మనిషి చుట్టూ చూసి, గోడ మీద చెయ్యి ఆనించి, "మీ గోడౌన్‌లో చెమ్మ ఉంది సార్, అట్ట మెత్తబడదా మరి" అన్నాడు. ఈ వ్యాపారంలో అది పాత జవాబు. సగం నిజం కూడా, చెమ్మ పీల్చిన అట్ట బలం తగ్గుతుంది. కానీ చెమ్మ పీల్చిన అట్ట బరువు పెరగాలి. ఇది 85 గ్రాములు తగ్గింది. ఆయన్నే తరాజు దగ్గరికి తీసుకెళ్లి, తన చేత్తోనే పెట్టె పెట్టమన్నాను. అంకె చూసి ఇంకేమీ అనలేదు. నాలుగు పెట్టెలు కలిసి సీలు వేశాం, ఇద్దరం సంతకాలు పెట్టాం. రెండు ఆయన పట్టుకెళ్లాడు, రెండు మా దగ్గర.

మర్నాడు సప్లయర్ మార్చి ఇస్తానన్నాడు, ఓ మెలికతో. "బిల్లు అలాగే ఉంచండి, కొత్త పెట్టెలు చలానా మీద పంపిస్తా. క్రెడిట్ నోట్లెందుకు, మనలో మనకి." మా అకౌంట్స్ ఆయన ఒప్పుకోలేదు. ఒక ఇన్‌వాయిస్‌కు రెండు లోడులు దిగినట్టు పుస్తకాల్లో కనబడితే రేపు అడిగేవాళ్లకు జవాబు చెప్పాల్సింది మేమే.

పెట్టె ధర 30 రూపాయలు. 2,000 పెట్టెలకు 60,000, అయిదు శాతం జీఎస్టీ 3,000, ఇన్‌వాయిస్ 63,000. తిరిగి వెళ్లే 1,850 పెట్టెల విలువ 55,500, పన్ను 2,775, మొత్తం 58,275. ఈ మొత్తానికి సప్లయర్ క్రెడిట్ నోట్ ఇవ్వాలి, కొత్త లోడుకు కొత్త ఇన్‌వాయిస్ వేయాలి. వాడిన 150 పెట్టెలకు, ఒక్కోదానికి అయిదు రూపాయల చొప్పున 750, దాని మీద పన్ను 37 రూపాయల 50 పైసలకు ఇంకో క్రెడిట్ నోట్. మేం ముందే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో అంతమేరకు వెనక్కి వేస్తాం, కొత్త ఇన్‌వాయిస్ మీద మళ్లీ తీసుకుంటాం. తిరిగి వెళ్లే లోడు విలువ 50,000 దాటింది కాబట్టి దానికీ ఈ-వే బిల్లు ఉండాల్సిందే.

చాలామంది తడబడేది డెబిట్ నోట్ దగ్గర. మనం డెబిట్ నోట్ రాసి పంపితే మన పుస్తకాల్లో బాకీ తగ్గుతుంది, అంతవరకే. సప్లయర్ కట్టిన పన్ను తగ్గాలంటే ఆయనే క్రెడిట్ నోట్ ఇచ్చి తన రిటర్నులో చూపాలి. దానికి గడువుంది: ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. అందుకే "వచ్చే లోడులో చూసుకుందాం" అన్న మాట ఆయనకే నష్టమని చెప్పాను. అది బాగా పనిచేసింది. జీఎస్టీ పోర్టల్‌లో ఇన్‌వాయిస్‌లను అంగీకరించడానికో తిరస్కరించడానికో 2024 అక్టోబరు నుంచి ఓ ఏర్పాటు ఉంది, మీట నొక్కితే పోతుంది కదా అన్నాడు మా యజమాని గారబ్బాయి. కానీ తిరస్కరిస్తే ఆ ఇన్‌వాయిస్ మొత్తం పోతుంది. 150 ఉంచుకుని 1,850 వద్దనడానికి ఆ మీట పనికిరాదు.

పన్నెండో రోజున కొత్త లోడు వచ్చింది. తాళ్లు విప్పబోతుంటే మా స్టోర్స్ కుర్రాడు అడ్డం వెళ్లి, లారీ పై వరస నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి లాగించి తరాజు మీద పెట్టాడు. డ్రైవరు బీడీ ముట్టించుకుని, "అట్టపెట్టెలు కూడా తూస్తారా?" అన్నాడు. 528, 531, 526. పాత పెట్టెలు అదే లారీలో వెనక్కి వెళ్లాయి. ఆ తర్వాత రాసిన ఆర్డర్లలో జీఎస్ఎం, బీఎఫ్ కింద ఇంకో వరస చేర్చాను: పొడి పెట్టె బరువు 520 గ్రాములకు తగ్గకూడదు, దించకముందే తూచబడును.