గుడ్‌విల్ డబ్బు ఎవరిది? కొత్త భాగస్వామి పద్దులపై అపోహలు – వాస్తవాలు

రాము, సోము కలిసి ఒక హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నారనుకుందాం. లాభనష్టాలు 3:2 నిష్పత్తిలో పంచుకుంటారు. రాము మూలధనం 3,00,000 రూపాయలు, సోముది 2,10,000. సాధారణ రిజర్వులో 50,000 ఉంది. గోపిని అయిదో వంతు వాటాతో చేర్చుకుని, ఇకపై ముగ్గురూ 5:3:2 నిష్పత్తిలో పంచుకోవాలని ఒప్పుకున్నారు. గోపి మూలధనంగా 1,50,000, గుడ్‌విల్ కింద 50,000 తెచ్చాడు. ఆస్తుల విలువల్లో మార్పేమీ లేదు. ఇంత చిన్న లెక్కలోనే చాలామంది తడబడతారు.

అపోహ: గోపి తెచ్చిందంతా గోపి మూలధనమే.

బ్యాంకులో పడ్డది రెండు లక్షలే అయినా, గోపి పేరున జమయ్యేది లక్షా యాభై వేలే. మిగతా యాభై వేలు పాత భాగస్వాములు తమ లాభంలో వదులుకున్న వాటాకు గోపి చెల్లించిన పరిహారం. బ్యాంకు ఖాతాను 2,00,000కు డెబిట్ చేసి, గోపి మూలధనం ఖాతాకు 1,50,000, గుడ్‌విల్ ప్రీమియం ఖాతాకు 50,000 క్రెడిట్ ఇవ్వాలి. ఈ యాభై వేలు సంస్థ లాభమూ కాదు. లాభనష్టాల ఖాతాలో వేస్తే, తన డబ్బులో తానే వాటా పొందే వింత పరిస్థితి గోపికి వస్తుంది.

అపోహ: గుడ్‌విల్‌ను పాత నిష్పత్తిలో పంచాలి.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. దీనికి కారణమూ లేకపోలేదు. గోపికి అయిదో వంతు ఇస్తామని మాత్రమే చెప్పి, మిగతాది ఎలా పంచుకోవాలో చెప్పకపోతే, పాతవాళ్లు ఆ మిగతాదాన్ని 3:2లోనే పంచుకుంటారని భావిస్తారు. అప్పుడు త్యాగ నిష్పత్తి కూడా 3:2 అవుతుంది. పాఠాల్లో మొదట వచ్చే లెక్కలు ఎక్కువగా ఇలాంటివే కాబట్టి, రెండు నిష్పత్తులూ ఒకటేనన్న నమ్మకం ఏర్పడిపోతుంది.

ఇక్కడ మాత్రం కొత్త నిష్పత్తి విడిగా చెప్పారు. నూరు రూపాయల లాభంలో రాముకు ఇంతకుముందు 60 వచ్చేది, ఇకపై 50 వస్తుంది. సోముకు 40 వచ్చేది, ఇకపై 30. ఇద్దరూ చెరో పది వదులుకున్నారు. కాబట్టి ప్రీమియం ఖాతాను 50,000కు డెబిట్ చేసి రాముకు 25,000, సోముకు 25,000 క్రెడిట్ ఇవ్వాలి. 3:2 అని పంచితే సోముకు రావలసిన అయిదు వేలు రాము ఖాతాలోకి వెళతాయి. అంకణా చూస్తే అంతా సరిపోతుంది, తప్పు మాత్రం బయటపడదు. పాత వాటాలోంచి కొత్త వాటాను తీసివేసి చూడటమొక్కటే దీన్ని పట్టుకునే దారి.

పాత నిష్పత్తి అవసరమయ్యే చోటు వేరే ఉంది. సాధారణ రిజర్వు గోపి రాకముందు సంపాదించిన లాభం. దాన్ని రాముకు 30,000, సోముకు 20,000గా 3:2లోనే పంచాలి.

అపోహ: గోపి గుడ్‌విల్ నగదు తేకపోతే, దాన్ని పుస్తకాల్లో ఆస్తిగా చూపాలి.

పాత పద్ధతిలో అలా చూపేవారు. డబ్బిచ్చి కొనకుండా సంస్థ తనంతట తాను సంపాదించుకున్న గుడ్‌విల్‌ను ఆస్తిగా గుర్తించకూడదని అకౌంటింగ్ ప్రమాణం 26 చెబుతోంది. నగదు రాకపోతే గోపి కరెంటు ఖాతాను 50,000కు డెబిట్ చేసి, పాతవాళ్లిద్దరికీ చెరో 25,000 క్రెడిట్ ఇస్తే సరిపోతుంది. గోపి ఆ సొమ్మును దుకాణం బయటే వాళ్ల చేతికి ఇచ్చేస్తే, సంస్థ పుస్తకాల్లో పద్దే ఉండదు.

అపోహ: మూలధనాలను లాభ నిష్పత్తికి సరిచేయాలని చట్టం చెబుతోంది.

1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలో అలాంటి నిబంధన లేదు. ఒప్పందం లేకపోతే, ఎవరి మూలధనం ఎంతైనా లాభాలు సమానంగా పంచుకోవాలనే ఆ చట్టం అంటుంది. సర్దుబాటు భాగస్వాముల ఇష్టం. ఒప్పుకున్నాక మాత్రం వరుస తప్పకూడదు: రిజర్వు, గుడ్‌విల్ పద్దులన్నీ ముగిశాకే మూలధనాల జోలికి వెళ్లాలి.

గోపి మూలధనాన్ని ఆధారంగా తీసుకుందాం. అయిదో వంతుకు 1,50,000 అయితే మొత్తం మూలధనం 7,50,000. అందులో రాముది సగం, అంటే 3,75,000. సోముది పదింట మూడు వంతులు, అంటే 2,25,000. రిజర్వు, గుడ్‌విల్ కలిశాక రాము ఖాతాలో ఉన్నది 3,55,000, సోము ఖాతాలో 2,55,000. రాము 20,000 తేవాలి, సోము 30,000 తీసుకోవాలి. దుకాణంలో నగదు ఇబ్బందిగా ఉంటే డబ్బు కదిలించకుండా, ఆ తేడాలను వాళ్ల కరెంటు ఖాతాలకు మళ్లించవచ్చు. అప్పుడు రాము కరెంటు ఖాతా 20,000 డెబిట్ నిల్వ, సోముది 30,000 క్రెడిట్ నిల్వ చూపుతాయి. మూలధనాలు 5:3:2కు సరిగ్గా సరిపోతాయి.