పద్నాలుగు పేజీల మినిట్స్, ఒక్క పేజీ నిర్ణయాలు

మినిట్స్ ఎజెండా వరుసలో సాగుతాయి. నిర్ణయాల పేజీ మాత్రం పని చేయాల్సినవారిని బట్టి సాగాలి. సమావేశానికి రాని ఉద్యోగికి అక్కడ ఎవరు ఏమన్నారో అంతగా అక్కర్లేదు. ఏం మారింది, ఎప్పటి నుంచి, ఎవరు చేయాలి అన్నవి తెలిస్తే చాలు. కాబట్టి మినిట్స్‌ను కుదించుకుంటూ పోతే ఈ పేజీ తయారు కాదు. ముందు నిర్ణయాలను విడిగా ఏరుకోవాలి.

ఏరేటప్పుడు వాక్యం చివర ఉన్న క్రియను చూడాలి. ‘తీర్మానించారు’, ‘ఆమోదించారు’ అని ఉంటే అది నిర్ణయం. ‘సూచించారు’, ‘అభిప్రాయపడ్డారు’ అని ఉంటే చర్చ. దానికి పేజీలో చోటు లేదు. చిక్కంతా ‘పరిశీలించాలని అనుకున్నారు’ దగ్గరే. ఆ పని ఫలానావారు ఫలానా తేదీలోగా చేయాలని రాసి ఉంటే నిర్ణయం కిందికి వస్తుంది. అయితే తేలింది పరిశీలన వరకే, మార్పు ఇంకా రాలేదు.

ఒక ఆసుపత్రిలో పద్నాలుగు పేజీల మినిట్స్ వచ్చాయనుకుందాం. రాత్రి డ్యూటీ నర్సులు, ల్యాబ్ సిబ్బంది ఆ సమావేశంలో లేరు. నాలుగో అంశం ఓపీ చీటీల కౌంటర్ వేళలు. దానిపై రెండు పేజీల చర్చ నడిచింది. రద్దీ గురించి కొందరు, బస్సుల వేళల గురించి కొందరు మాట్లాడారు. చివరికి, రెండో ఆపరేటర్ చేరాక కౌంటర్‌ను తొమ్మిదికి బదులు ఎనిమిదికి తెరవాలని తీర్మానించారు. పేజీలో అది ఇలా వస్తుంది:

‘ఓపీ కౌంటర్ ఉదయం 8కి తెరవాలి. రెండో ఆపరేటర్ చేరిన రోజు నుంచి అమలు. అప్పటిదాకా 9 గంటలే. ల్యాబ్ వేళల్లో మార్పు లేదు. బాధ్యత: రిజిస్ట్రేషన్ ఇన్‌ఛార్జి. మినిట్స్ అంశం 4.’

ఇలాంటి పేజీల్లో ఎక్కువగా జారిపోయేది షరతే. ‘రెండో ఆపరేటర్ చేరాక’ అన్నది ఎగిరిపోతే మర్నాడు ఎనిమిదికే రోగులు వరుస కడతారు, కౌంటర్ మూసే ఉంటుంది. ‘మార్పు లేదు’ అన్న ముక్క కూడా దండగ కాదు. అది లేకపోతే ల్యాబ్ వాళ్లు తమ వేళ కూడా మారిందేమోనని ఫోన్లు మొదలుపెడతారు. వాయిదా పడ్డ అంశాలను కింద ఒక వరుసలో చెబితే సరిపోతుంది. సిబ్బందిపై ఫిర్యాదుల వంటి గోప్యమైన విషయాలు ఈ పేజీలోకి రాకూడదు.

పేజీ సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి సమావేశంలో లేని ఒకరికి ఇచ్చి చదివించాలి. రేపటి నుంచి ఏం చేస్తారో చెప్పమనాలి. నర్సు ‘కౌంటర్ ఎప్పటి నుంచి?’ అని తిరిగి అడిగితే ఆ వాక్యం మళ్లీ రాయాల్సిందే. తర్వాత అధ్యక్షత వహించినవారికి చూపించి పంచాలి.

పేజీకీ మినిట్స్‌కూ తేడా వస్తే మినిట్స్‌దే చెల్లుబాటు. ఆ మినిట్స్ కూడా సాధారణంగా తర్వాతి సమావేశంలో ఖరారయ్యేదాకా ముసాయిదాయే. కాబట్టి పేజీ పైన ‘ముసాయిదా ఆధారంగా’ అని, తేదీతో సహా రాయాలి. ఖరారులో ఏదైనా మారితే కొత్త పేజీ అంటించి, పాతది నోటీసు బోర్డు నుంచి తీసేయాలి.