గవదబిళ్లల సెలవు చీటీలో ఏ తేదీలు రాయాలి?

సెలవు చీటీ మనందరికీ నోటికొచ్చిన పాఠమే. 'జ్వరం వచ్చినందున బడికి రాలేకపోయాను, కావున రెండు రోజులు సెలవు మంజూరు చేయగలరని ప్రార్థన.' ఏ జబ్బు వచ్చినా అందులో రాసేది జ్వరమనే. పడిశానికో, వానలో తడిసి వచ్చిన వేడికో ఆ చీటీ సరిపోతుంది. గవదబిళ్లలకు చాలదు. క్లాసు టీచరుకు అప్పుడు తెలియాల్సిన సంగతులు వేరే ఉంటాయి. వాపు ఏ రోజు మొదలైంది? అంతకు ముందు పిల్లవాడు ఏయే రోజులు బడికి వచ్చాడు? మళ్లీ ఎప్పుడు వస్తాడు? వచ్చాక వాడిని ఏ విషయంలో కనిపెట్టి చూడాలి? ఇవన్నీ ఉన్న చీటీ ఒక్కటి చేతికి అందితే, ఆ తరగతిలోని మిగతా నలభై మంది విషయంలో ఏం చేయాలో టీచరుకు తెలుస్తుంది.

గవదబిళ్లలు పోయాయని చాలామంది అనుకున్నారు. పోలేదు. 2024 తొలి నెలల్లో కేరళలో వేల సంఖ్యలో పిల్లలకు వచ్చాయి. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ల దగ్గరకూ చెంపలు వాచిన పిల్లలు వరుసగా వచ్చారు. దీని వెనక ఒక టీకా సంగతి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో 2017లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఎం.ఆర్. టీకా తట్టుకు, రుబెల్లాకు మాత్రమే పనిచేస్తుంది. గవదబిళ్లలను కూడా ఆపే ఎం.ఎం.ఆర్. టీకా ప్రైవేటు ఆసుపత్రుల్లో డబ్బులిచ్చి వేయించుకోవాల్సిందే. దాన్ని తొమ్మిదో నెలలో, పదిహేనో నెలలో, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వేయాలని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం సూచిస్తుంది. అందువల్ల టీకా కార్డులో అన్ని గళ్లూ నిండిన పిల్లవాడికి కూడా గవదబిళ్లల నుంచి రక్షణ లేకపోవచ్చు. ఇది తల్లిదండ్రుల తప్పు కాదు కాబట్టి చీటీలో జబ్బు పేరు దాచాల్సిన అవసరమూ లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడో తరగతి చదువుతున్న పన్నెండేళ్ల అబ్బాయి. 2025 ఫిబ్రవరి 1 శనివారం మామూలుగానే బడికి వెళ్లాడు. ఆదివారం ఒళ్లు నొప్పులన్నాడు, సరిగ్గా తినలేదు. సోమవారం, 3వ తేదీన, బడికి వెళ్లి వచ్చాడు. ఆ సాయంత్రం ఎడమ చెవి ముందు, దవడ మీద వాపు కనిపించింది. చింతపండు చారు నోట్లో పెట్టుకోగానే దవడ పట్టేసినట్టు నొప్పి వచ్చింది. పులుపు తగిలితే లాలాజలం ఊరుతుంది, వాచిన గ్రంథి మీద ఒత్తిడి పడుతుంది, అందుకే ఆ నొప్పి.

చెంప దగ్గర వాపు కనిపించిందని అది గవదబిళ్లలే అయి ఉండాలని లేదు. పంటి వేరు దగ్గర చీము పట్టినా, మెడలో బిళ్ల కట్టినా, లాలాజల నాళంలో రాయి అడ్డుపడినా వాపు వస్తుంది. గవదబిళ్లల్లో వాచేది చెవికి ముందూ కిందా ఉండే గ్రంథి. అది ఉబ్బితే దవడ మూల చేతికి తగలదు, చెవి తమ్మె పైకీ బయటికీ లేచినట్టు కనిపిస్తుంది. మెడలో బిళ్ల కడితే వాపు దవడ ఎముకకు కిందే ఉంటుంది, మూల స్పష్టంగా తెలుస్తుంది. అద్దంలో ఈ తేడా ఇంట్లోవాళ్లకీ కనిపిస్తుంది. అయినా చీటీ రాసే ముందు డాక్టరుకు చూపించాలి. చాలాసార్లు ఆయన చూసే చెబుతారు. అనుమానం ఉంటే బుగ్గ లోపలి నుంచి నమూనా తీసి పరీక్షకు పంపుతారు.

ఇక తేదీల లెక్క. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. వాపు మొదలైన రోజును సున్నాగా పెట్టుకుని, ఆ తర్వాత ఐదు రోజులు ఇంట్లో ఉంచాలి. మన అబ్బాయికి వాపు 3న మొదలైంది కాబట్టి 4 ఒకటో రోజు, 8 శనివారం ఐదో రోజు. 9 ఆదివారం ఎలాగూ సెలవు. 10 సోమవారం బడికి వెళ్లవచ్చు. వాపు వచ్చిన రోజునే ఒకటిగా లెక్కిస్తే ఒక రోజు ముందే పంపేస్తాం. డాక్టరుకు చూపించిన రోజు నుంచో, ఒళ్లు నొప్పులు మొదలైన రోజు నుంచో లెక్కించేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. మొదటి వాపు కనిపించిన రోజే ఆధారం. చాలామందికి కొన్ని రోజుల తర్వాత రెండో చెంప కూడా వాస్తుంది. సాధారణంగా అప్పుడు కూడా లెక్క మొదటి వాపు నుంచే. పిల్లవాడికి జ్వరం ఉన్నా, తినలేకపోతున్నా తేదీతో పనిలేదు, తగ్గేవరకు ఇంట్లోనే ఉండాలి.

ఇంట్లో పెద్దవాళ్లు వాపు పూర్తిగా తీసేవరకు పంపొద్దంటారు. వాపు తగ్గడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది, కానీ అంటించే శక్తి అంతకు ముందే బాగా తగ్గిపోతుంది. తొమ్మిది రోజులు ఉంచమని చెప్పే డాక్టర్లూ ఉండవచ్చు. అమెరికాలో 2008 దాకా తొమ్మిది రోజుల నియమమే ఉండేది, ఆ తర్వాత దాన్ని ఐదుకు కుదించారు. మీ డాక్టరు ఎక్కువ రోజులు చెబితే ఆయన మాటే చీటీలో రాయండి, కారణం కూడా రాయండి.

ఇప్పుడు ఆ తల్లి మంగళవారం రాయగలిగిన చీటీ చూడండి. ఇది బాబు చేతికిచ్చి పంపేది కాదు. ఫోనులో పంపవచ్చు, లేదా పెద్దవాళ్లు తీసుకెళ్లి ఇవ్వవచ్చు.

తేది: 4-2-2025

గౌరవనీయులైన క్లాసు టీచరు గారికి,

నమస్కారం. 7వ తరగతి బి సెక్షన్‌లో చదువుతున్న మా అబ్బాయికి గవదబిళ్లలు వచ్చాయి. ఫిబ్రవరి 3 సోమవారం సాయంత్రం ఎడమ చెవి ముందు వాపు మొదలైంది. ఈ రోజు డాక్టరు గారు చూసి గవదబిళ్లలేనని చెప్పారు. ఆయన రాసిచ్చిన కాగితం జతచేస్తున్నాను.

8వ తేదీ శనివారం వరకు ఇంట్లోనే ఉంచమన్నారు. జ్వరం లేకుండా, తినగలుగుతుంటే 10వ తేదీ సోమవారం పంపిస్తాను. పంపలేకపోతే ఆదివారం సాయంత్రమే మీకు చెబుతాను.

వాపు రావడానికి రెండు రోజుల ముందు నుంచే ఇది ఇతరులకు అంటుతుందని డాక్టరు గారు చెప్పారు. మావాడు 1వ తేదీ శనివారం, 3వ తేదీ సోమవారం బడికి వచ్చాడు. ఆ రెండు రోజుల్లో వాడి బెంచీలో కూర్చున్న పిల్లలకు, వాడితో కలిసి అన్నం తిన్న పిల్లలకు ఫిబ్రవరి 13 నుంచి 28 లోపు ఈ జబ్బు కనిపించవచ్చు. దయచేసి వాళ్ల ఇళ్లకు తెలియజేయండి. మావాడి పేరు చెప్పినా మాకు అభ్యంతరం లేదు. స్టాఫ్‌లో గర్భంతో ఉన్నవారు ఎవరైనా ఉంటే వారికీ చెప్పగలరు, వాళ్ల డాక్టరును అడుగుతారు.

బుధవారం యూనిట్ పరీక్ష వాడు రాయలేడు. వచ్చాక మీకు వీలైన రోజు రాయించగలరా? ఈ వారం నోట్సు ఫొటోలు నా ఫోనుకు పంపితే ఇంట్లో రాయిస్తాను. స్నేహితులను మాత్రం ఇంటికి పంపవద్దు.

తిరిగి వచ్చేటప్పటికి చెంప ఇంకా కొంచెం ఉబ్బి ఉండవచ్చు. నీళ్ల సీసా, గ్లాసు వేరుగా పంపుతాను. ఆ వారం ఆటల పీరియడ్‌లో కూర్చోనివ్వండి. తలనొప్పి ఎక్కువై వాంతులయినా, కడుపు నొప్పి అన్నా, నడవడానికి ఇబ్బంది పడినా, పిలిస్తే వినిపించనట్టున్నా వెంటనే నాకు ఫోన్ చేయండి.

ఇట్లు,
విద్యార్థి తల్లి

చీటీలోని 13, 28 తేదీలు ఎలా వచ్చాయో చెప్పాలి. గవదబిళ్లల వైరస్ ఒంట్లోకి వెళ్లాక జబ్బు బయటపడడానికి 12 నుంచి 25 రోజులు పడుతుంది. ఎక్కువమందిలో 16, 18 రోజుల మధ్య కనిపిస్తుంది. 1వ తేదీన సోకి తొందరగా బయటపడితే 13. 3వ తేదీన సోకి ఆలస్యంగా బయటపడితే 28. ఈ లెక్క ఇవ్వకపోతే తోటి తల్లిదండ్రులు మొదటి వారమంతా పిల్లల చెంపలు తడిమి చూసి, ఏమీ లేదని ఊరుకుంటారు. అసలు చూడాల్సిన రోజులు ఆ తర్వాతే వస్తాయి. ఇంట్లో ఉన్న చెల్లెలికీ ఇలాగే లెక్క కట్టాలి, కాకపోతే ఆమె అన్న దగ్గరే ఉంటుంది కాబట్టి చివరి తేదీ ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆమెకు టీకా పడకపోతే ఇప్పుడు వేయించవచ్చు. ఇప్పటికే వైరస్ సోకి ఉంటే ఆ టీకా దాన్ని ఆపలేదు, మరోసారి ఎదురైనప్పుడు మాత్రం కాపాడుతుంది.

ఇంత జాగ్రత్తపడినా జబ్బు ఆ తరగతిలో ఆగుతుందని చెప్పలేం. కొందరికి వాపే రాదు, మామూలు జలుబులా వచ్చిపోతుంది, వాళ్ల నుంచీ ఇతరులకు అంటుతుంది. వాపు వచ్చేసరికే, జబ్బు అంటించే రోజుల్లో రెండు అయిపోయి ఉంటాయి. అయినా తుంపర్లు, ఎంగిలి ద్వారా జబ్బు ఎక్కువగా అంటుకునే రోజుల్లో ఆ పిల్లవాడు తరగతిలో లేకపోవడం తేడా తెస్తుంది. మధ్యాహ్న భోజనం దగ్గర ఒకే గ్లాసుతో నలుగురు తాగే బడిలో ఆ తేడా మరీ ఎక్కువ.

చీటీ చివరి పేరాలోని మాటలు భయపెట్టడానికి రాసినవి కావు. గవదబిళ్లలకు వైరస్‌ను చంపే మందు లేదు. నొప్పికి పారాసిటమాల్, తడిగుడ్డ కాపడం, మెత్తగా కలిపిన పెరుగన్నం, ఎక్కువ నీళ్లు, ఇంతే వైద్యం. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. ఎక్కువమంది పిల్లలు దీంతోనే కోలుకుంటారు. కొద్దిమందికి మాత్రం మెదడు పొరల వాపు, క్లోమం వాపు రావచ్చు. చాలా అరుదుగా ఒక చెవి వినికిడి పోతుంది. పిల్లవాడు రెండో చెవితో వింటూ ఉంటాడు కాబట్టి ఇంట్లో అది కనిపెట్టడం కష్టం. తరగతిలో ఒక పక్క నుంచి పిలిస్తే తిరగడం లేదని టీచరే ముందు గమనించవచ్చు.

ఎదుగుతున్న మగపిల్లల విషయంలో మరో సంగతి ఉంది. వయసుకు వచ్చిన అబ్బాయిల్లో కొందరికి వృషణాలు వాస్తాయి. అది తరచూ చెంప వాచిన వారం రోజులకు, అంటే సరిగ్గా బడికి తిరిగి వెళ్లిన రోజుల్లోనే మొదలవుతుంది. పన్నెండు, పదమూడేళ్ల కుర్రాడు ఆ నొప్పి గురించి టీచరుకు చెప్పడు, అమ్మకూ చెప్పడు. బెంచీ మీద వంగి కూర్చుంటాడు, మెల్లగా నడుస్తాడు. అందుకే చీటీలో 'నడవడానికి ఇబ్బంది పడినా' అనే మాట పెట్టాలి. బడికి పంపే ముందు రోజు రాత్రి నాన్నో, మావయ్యో పక్కన కూర్చోబెట్టుకుని ఆ సంగతి సూటిగా చెప్పాలి: అక్కడ నొప్పి వస్తే సిగ్గుపడకు, ఆ రోజే చెప్పు, డాక్టరు దగ్గరకు వెళదాం.

10వ తేదీన పిల్లవాడు తరగతికి వస్తాడు, చెంప ఇంకా కొంచెం ఉబ్బే ఉంటుంది. దాన్ని చూసి పక్కవాడు లేచి వేరే బెంచీకి వెళితే, చీటీ చదివిన టీచరు తేదీలు చెప్పి వాడిని అక్కడే కూర్చోబెట్టగలరు. 19నో 20నో మరో పిల్లవాడు దవడ పట్టుకుని నిలబడితే వాడిని ఇంటికి పంపి, వాడి వాపు మొదలైన రోజును సున్నాగా పెట్టుకుని కొత్త లెక్క మొదలుపెట్టాలి.