కార్బన్-11 బోరాన్‌గానే ఎందుకు మారుతుంది? దర్పణ కేంద్రకాలు చెప్పే లెక్క

పెట్ స్కాన్ పరీక్షల్లో వాడే రేడియోధార్మిక పదార్థాల్లో కార్బన్-11 ఒకటి. దాని ఆయుష్షు చాలా తక్కువ. సుమారు 20 నిమిషాలు గడిచేసరికి అందులో సగం బోరాన్-11గా మారిపోతుంది. అందుకే దానిని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పరీక్షా కేంద్రానికి చాలా దగ్గరలో ఉండాలి.

ఈ మార్పు ఒక దిశలోనే జరుగుతుంది. కార్బన్-11 బోరాన్-11 అవుతుంది కానీ, బోరాన్-11 తనంతట తాను కార్బన్-11 కాదు. కారణం ద్రవ్యరాశిలో ఉంది. బరువైన పరమాణువు మాత్రమే తేలికైన దానిగా మారగలదు. ఈ రెండింటిలో కార్బన్-11 స్వల్పంగా బరువైనది. ఆ స్వల్ప తేడా ఎంత, ఎందుకు అనే ప్రశ్నకు సమాధానం పాఠశాల భౌతికశాస్త్రంలో నేర్చుకునే ఒక సూత్రంలోనే చాలావరకు దొరుకుతుంది. అది సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయనే కూలుంబ్ సూత్రం.

అద్దంలో చూసినట్లుండే జంట

బోరాన్-11 కేంద్రకంలో 5 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు ఉంటాయి. కార్బన్-11లో ఈ సంఖ్యలు తారుమారై 6 ప్రోటాన్లు, 5 న్యూట్రాన్లు కనిపిస్తాయి. మొత్తం కణాలు రెండింటిలోనూ 11. ఒక కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య మరొకదానిలోని న్యూట్రాన్ల సంఖ్యకు సమానంగా ఉండే ఇలాంటి జంటలను దర్పణ కేంద్రకాలు అంటారు.

కేంద్రకంలోని కణాలను బంధించి ఉంచేది కేంద్రక బలం. రెండు న్యూట్రాన్ల మధ్య ఈ బలం ఎలా పనిచేస్తుందో రెండు ప్రోటాన్ల మధ్య కూడా దాదాపు అలాగే పనిచేస్తుంది. అది విద్యుదావేశాన్ని పట్టించుకోదు. కాబట్టి కేంద్రక బలానికి సంబంధించినంత వరకు ఈ రెండు కేంద్రకాలు ఒకే అచ్చులో పోసినవి. వాటి మధ్య మిగిలే తేడాలు రెండే. మొదటిది, న్యూట్రాన్‌కు ప్రోటాన్‌కు సహజంగా ఉన్న ద్రవ్యరాశి తేడా. రెండవది, ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ. మొదటి తేడా ప్రయోగాల ద్వారా కచ్చితంగా తెలుసు కనుక దానిని లెక్కలోంచి తీసేస్తే రెండవది బయటపడుతుంది.

తేడాను ఎలా కొలుస్తారు?

కార్బన్-11 క్షయమైనప్పుడు పాజిట్రాన్ అనే కణం వెలువడుతుంది. ఇది ధనావేశం గల ఎలక్ట్రాన్. దానితో పాటు న్యూట్రినో కూడా వెలువడి కొంత శక్తిని పంచుకుంటుంది. న్యూట్రినోకు దాదాపు ఏమీ దక్కని సందర్భంలో పాజిట్రాన్‌కు గరిష్ఠ శక్తి లభిస్తుంది. కార్బన్-11 విషయంలో ఆ గరిష్ఠం 0.96 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ ప్రమాణాన్ని ఇకపై ఎంఈవీ అందాం.

దీనికి రెండు ఎలక్ట్రాన్ల ద్రవ్యరాశికి సమానమైన 1.02 ఎంఈవీని కలపాలి. అందులో ఒక భాగం కొత్తగా పుట్టిన పాజిట్రాన్‌ది. రెండవ భాగం కార్బన్ పరమాణువులోని ఆరవ ఎలక్ట్రాన్‌ది. బోరాన్‌కు ఐదు ఎలక్ట్రాన్లే చాలు కనుక అది మిగిలిపోతుంది. ఈ రెండూ కలిపితే కార్బన్-11 పరమాణువు బోరాన్-11 పరమాణువు కంటే 1.98 ఎంఈవీ బరువైనదని తేలుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బోరాన్‌లోని ఒక న్యూట్రాన్ స్థానంలో ఒక ప్రోటాన్‌ను, ఒక ఎలక్ట్రాన్‌ను ఉంచితే కార్బన్-11 వస్తుంది. కానీ న్యూట్రాన్ ఆ రెండింటి మొత్తం కంటే 0.78 ఎంఈవీ బరువైనది. అంటే ఈ మార్పిడితో ద్రవ్యరాశి 0.78 తగ్గాలి. తగ్గకపోగా 1.98 పెరిగింది. కాబట్టి తగ్గుదలను పూడ్చి, పైగా ఇంత పెంచిన మరో శక్తి ఉండాలి. దాని విలువ 1.98, 0.78ల మొత్తం. అంటే 2.76 ఎంఈవీ.

ఐదు కొత్త జతల కథ

ఆ 2.76 ఎంఈవీ విద్యుత్ వికర్షణదేనా? జతలు లెక్కపెట్టి చూద్దాం. ఐదు ప్రోటాన్లలో ప్రతి ఒక్కటీ మిగిలిన వాటితో వికర్షించుకుంటుంది. అలాంటి జతలు బోరాన్‌లో 10. ఆరు ప్రోటాన్లున్న కార్బన్‌లో 15. అంటే కార్బన్‌లో కొత్తగా చేరిన వికర్షణ జతలు 5. కొత్తగా వచ్చిన ప్రోటాన్ అప్పటికే ఉన్న ఐదింటితో ఒక్కొక్కటి చొప్పున జతకట్టింది.

ఒక్కో జతకు శక్తి ఎంత? రెండు ప్రోటాన్లు ఒక ఫెర్మి దూరంలో ఉంటే వాటి వికర్షణ శక్తి 1.44 ఎంఈవీ. ఫెర్మి అంటే మీటరులో లక్ష కోట్ల వంతులో వెయ్యో వంతు. కేంద్రకాన్ని ఆవేశం సమంగా పరచుకున్న గోళంగా భావిస్తే, ఒక జత సగటు శక్తి 1.44ను 1.2తో హెచ్చించి వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. ఎలక్ట్రాన్లను కేంద్రకాలపై ప్రయోగించి వాటి పరిమాణాన్ని కొలిచే ప్రయోగాల ప్రకారం బోరాన్-11కు సరిపోయే గోళం వ్యాసార్ధం సుమారు 3.1 ఫెర్మిలు. ఆ లెక్కన ఒక్కో జతకు 0.56 ఎంఈవీ వస్తుంది. ఐదు జతలకు సుమారు 2.8 ఎంఈవీ.

కొలిచిన విలువ 2.76. ఇంత సులభమైన లెక్క ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం కూడా ఉంది. నిజమైన కేంద్రకానికి గోళంలా పదునైన అంచు ఉండదు. ప్రోటాన్లు ఒకదానినొకటి తప్పించుకు తిరిగే క్వాంటమ్ నియమాలు కూడా ఉన్నాయి. అయినప్పటికీ తేడాకు మూలం విద్యుత్ వికర్షణే అనడంలో సందేహం మిగలదు.

ఐసోస్పిన్ అంటే ఏమిటి?

ప్రోటాన్, న్యూట్రాన్ నిజానికి ఒకే కణానికి రెండు స్థితులని భావించవచ్చనే ఆలోచనను 1932లో జర్మన్ శాస్త్రవేత్త వెర్నర్ హైసెన్‌బర్గ్ ముందుకు తెచ్చారు. ఎలక్ట్రాన్ స్పిన్‌కు పైకి, కిందికి అనే రెండు దిశలున్నట్లే ఈ కణానికీ ఒక ఊహాత్మక అక్షంపై రెండు దిశలుంటాయి. ఒక దిశలో ఉంటే ప్రోటాన్, మరో దిశలో ఉంటే న్యూట్రాన్. ఈ లక్షణాన్నే ఐసోస్పిన్ అంటారు. దర్పణ కేంద్రకాలంటే అన్ని కణాల దిశలనూ ఒకేసారి తిప్పివేస్తే వచ్చే జంట.

ఈ భావన నిజమైతే రెండు కేంద్రకాలకు శక్తినిచ్చి ఉత్తేజపరిచినప్పుడు ఒకే రకమైన మెట్లు కనిపించాలి. బోరాన్-11లో తొలి మూడు మెట్లు 2.12, 4.44, 5.02 ఎంఈవీల వద్ద ఉన్నాయి. కార్బన్-11లో అవి 2.00, 4.32, 4.80 వద్ద ఉన్నాయి. ఆయా మెట్ల స్పిన్‌లు కూడా వరుసగా సరిపోతాయి. కార్బన్ నిచ్చెన మొత్తంగా విద్యుత్ శక్తి మేరకు పైకి జరిగింది కానీ దాని ఆకృతి మారలేదు.

దర్పణ జంటలు పోల్చేది న్యూట్రాన్ల మధ్య బలాన్ని, ప్రోటాన్ల మధ్య బలాన్ని మాత్రమే. న్యూట్రాన్, ప్రోటాన్‌ల మధ్య బలం కూడా అలాంటిదేనా అని తెలుసుకోవాలంటే మూడు కేంద్రకాల కుటుంబం కావాలి. కార్బన్-14, ఆక్సిజన్-14 ఒక దర్పణ జంట. వాటి మధ్య ఉన్న నైట్రోజన్-14లో ఈ రెండింటినీ పోలిన స్థితి ఉంది. అయితే అది అట్టడుగు స్థితి కాదు, 2.31 ఎంఈవీ ఎత్తులో ఉన్న మెట్టు. ఒక న్యూట్రాన్, ఒక ప్రోటాన్ వేర్వేరు కణాలు కనుక రెండు సజాతి కణాలకు వీలుకాని అమరికల్లో కూడా అవి ఉండగలవు. నైట్రోజన్-14 అట్టడుగు స్థితి అలాంటి అమరికే.

దిశ ఎక్కడ మారుతుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు పూర్తి సమాధానం ఇవ్వవచ్చు. దర్పణ జంటలో ఏది బరువైనదనేది ఒక త్రాసు తేలుస్తుంది. ఒక పళ్లెంలో న్యూట్రాన్ అదనపు బరువైన 0.78 ఎంఈవీ, మరొక పళ్లెంలో విద్యుత్ వికర్షణ ఉంటాయి.

హైడ్రోజన్-3, హీలియం-3 జంటలో త్రాసు దాదాపు సమంగా నిలుస్తుంది. హీలియం-3లో రెండే ప్రోటాన్లు, అంటే ఒకే జత. దాని వల్ల వచ్చే తేడా 0.76 ఎంఈవీ. ఇది 0.78 కంటే అతి స్వల్పంగా తక్కువ. అందువల్ల ఇక్కడ న్యూట్రాన్లు ఎక్కువగా ఉన్న హైడ్రోజన్-3, అంటే ట్రిటియం, హీలియం-3గా మారుతుంది. మిగిలే శక్తి ఎంఈవీలో యాభయ్యో వంతు కంటే తక్కువ కనుకనే ట్రిటియం అర్ధాయువు 12 ఏళ్లకు పైగా ఉంటుంది.

ద్రవ్యరాశి సంఖ్య 7కు చేరేసరికి వికర్షణ పళ్లెం బరువెక్కుతుంది. బెరీలియం-7, లిథియం-7 కంటే 0.86 ఎంఈవీ బరువైనది. పాజిట్రాన్‌ను పుట్టించడానికి కావలసిన 1.02 కంటే ఇది తక్కువ కనుక బెరీలియం-7 తన ఎలక్ట్రాన్లలో ఒకదానిని మింగి లిథియంగా మారుతుంది. కార్బన్-11 నాటికి పాజిట్రాన్‌కు దారి తెరుచుకుంటుంది. ఆ పైన ప్రోటాన్లు పెరిగేకొద్దీ కొత్త జతలు పెరుగుతాయి కనుక దిశ మళ్లీ మారదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

కార్బన్-13, నైట్రోజన్-13 జంటలో ఒక మెట్టు ఈ పోలికను గట్టిగా దెబ్బతీస్తుంది. కార్బన్‌లో 3.09 ఎంఈవీ వద్ద ఉన్న మెట్టు నైట్రోజన్‌లో 2.37 వద్దే కనిపిస్తుంది. దీనికి కారణం ఐసోస్పిన్ విఫలం కావడం కాదు. ఆ స్థితిలో నైట్రోజన్‌లోని చివరి ప్రోటాన్ కేంద్రకానికి గట్టిగా అంటుకుని ఉండదు, చాలా దూరం వరకు వ్యాపిస్తుంది. దూరం పెరిగితే వికర్షణ తగ్గుతుంది, మెట్టు కిందికి దిగుతుంది. అందువల్ల ఒక మెట్టు ఇలా అసాధారణంగా జారితే, అక్కడ వదులుగా ఉన్న ప్రోటాన్ ఉందని శాస్త్రవేత్తలు అనుమానిస్తారు.

రెండవ లోపం మరింత మౌలికమైనది. హీలియం-3లో విద్యుత్ ప్రభావాలన్నీ జాగ్రత్తగా లెక్కించినా కొలిచిన 0.76 ఎంఈవీలో దాదాపు పదో వంతు మిగిలిపోతుంది. న్యూట్రాన్ల మధ్య బలం, ప్రోటాన్ల మధ్య బలం పూర్తిగా సమానం కాకపోవడమే దీనికి కారణం. డౌన్ క్వార్క్, అప్ క్వార్క్ కంటే బరువైనది కావడం ఈ అసమానతకు ఒక మూలం. న్యూట్రాన్ ప్రోటాన్ కంటే బరువుగా ఉండడానికి కూడా అదే మూలం.

సూర్యునిలోనూ ఇదే లెక్క

సూర్యుని శక్తిలో సుమారు ఒక శాతం కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లు పాల్గొనే చక్రం నుంచి వస్తుంది. అందులో నైట్రోజన్-13 కార్బన్-13గా, ఆక్సిజన్-15 నైట్రోజన్-15గా మారతాయి. రెండూ దర్పణ జంటలే. అక్కడ వెలువడే న్యూట్రినోల గరిష్ఠ శక్తి వరుసగా 1.20, 1.73 ఎంఈవీలు. ఆ హద్దులను నిర్ణయించేది ఈ వికర్షణ లెక్కే.

ఆ న్యూట్రినోలను గుర్తించినట్లు ఇటలీలోని బొరెక్సినో ప్రయోగ బృందం 2020లో ప్రకటించింది. ఆ అన్వేషణలో వారు వేరుచేయవలసి వచ్చిన తప్పుడు సంకేతాల్లో ఒకటి కార్బన్-11 నుంచి వచ్చినదే. విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టి దూసుకొచ్చే మ్యువాన్ కణాలు పరికరంలోని ద్రవాన్ని తాకినప్పుడు అది పుడుతుంది. అక్కడ కూడా అది బోరాన్-11గానే మారుతుంది, ఆ క్షయంలో పాజిట్రాన్‌కు దక్కే గరిష్ఠ శక్తి అదే 0.96 ఎంఈవీ.