డ్రిప్ ప్రైసింగ్

శిక్షణ సంస్థ నాలుగు శనివారాల వర్క్‌షాప్ పెట్టి, రిజిస్ట్రేషన్ పేజీలో ఫీజు 5,000 రూపాయలని చూపిస్తుంది. పేరు, ఫోన్ నంబరు, తేదీలు అన్నీ నింపి చివరి మెట్టుకు చేరేసరికి అది 6,665.82 అవుతుంది. ఇలా ధరను ముందు పూర్తిగా చెప్పకుండా విడతలవారీగా బయటపెట్టడమే డ్రిప్ ప్రైసింగ్.

ఆ మొత్తం ఎలా వచ్చిందో చూద్దాం. ఫీజుకు బుకింగ్ చార్జీ 150, వీడియో రికార్డింగుల పేరుతో 499 కలిశాయి. ఆ 5,649 మీద 18 శాతం జీఎస్టీ 1,016.82. రికార్డింగుల గడిలో టిక్ ముందే పెట్టి ఉంది, కొనేవాళ్లు పెట్టింది కాదు. దాన్ని తీసేస్తే బిల్లు 6,077కు దిగుతుంది. అడగకుండా వస్తువును బిల్లులో చేర్చే ఈ రెండో పద్ధతికి బాస్కెట్ స్నీకింగ్ అని వేరే పేరుంది.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లోని, కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే 13 డార్క్ ప్యాటర్న్‌లలో ఈ రెండూ ఉన్నాయి. పన్ను వసూలు చేయడం తప్పు కాదు. 5,000 పక్కనే ‘జీఎస్టీ, బుకింగ్ చార్జీ అదనం, మొత్తం 6,077’ అని మొదటే రాసి ఉంటే పేచీయే లేదు. చెల్లించే దశ దాకా దాచడమే నా దృష్టిలో అన్యాయం, ఎందుకంటే వివరాలన్నీ నింపాక వెనక్కి వెళ్లడానికి చాలామందికి మనసొప్పదు.

మొదటి పేజీ, చెల్లింపు పేజీ రెండింటి స్క్రీన్‌షాట్లూ దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు తేడాను చూపేవి అవే.