పత్తి రాగానే ఇచ్చేస్తానండీ

అక్టోబరు నెలలో పురుగుమందుల కంపెనీ సేల్స్ ఆఫీసర్ ఏ మండల కేంద్రంలో డీలరు షాపు మెట్లెక్కినా వినిపించే మాట ఇది. అందులో అబద్ధం లేకపోవచ్చు. జూన్, జూలైల్లో కంపెనీ డీలరుకి అరువిస్తుంది, డీలరు రైతుకి అరువిస్తాడు, రైతు పత్తి అమ్ముకున్నాక తెచ్చి కడతాడు. మిరప వేసినవాళ్లయితే సంక్రాంతి దాటాల్సిందే. బిల్లు మీద మాత్రం 60 రోజులని ఉంటుంది. పంట చేతికొచ్చే తేదీకీ బిల్లు గడువుకీ మధ్య నలిగేవాడు సేల్స్ ఆఫీసర్. పాత డబ్బు రాబట్టాలి, మళ్లీ సీజన్‌కి ఆర్డరూ ఆ షాపులోనే తెచ్చుకోవాలి.

ఈ తంటా చాలాసార్లు బిల్లు కొట్టిన రోజునే మొదలవుతుంది. నెలాఖరు, టార్గెట్‌కి రెండు లక్షలు తక్కువ. "బిల్లు వేసేస్తానండీ, డబ్బుల సంగతి తర్వాత చూసుకుందాం" అని సరుకు దింపేస్తారు. ఆ మాటతో 60 రోజుల గడువు ఉత్తదైపోయింది. ఆ సరుకు తాను అడగలేదని, మీ అవసరానికి పెట్టుకున్నానని డీలరుకి బాగా గుర్తుంటుంది. గడువు దాటాక వెళ్లి గట్టిగా అడిగితే ఆయనకు కోపం రావడంలో వింతేముంది? అందుకే సరుకు దించేటప్పుడే ఎంత, ఏ తేదీకి, తిరిగి తీసుకునేది ఏమైనా ఉందా అన్నవి బిల్లు మీదో వాట్సాప్‌లోనో రాసుకోవాలి. ఆ రోజు మొహమాటపడితే మూడు నెలల తర్వాత పోట్లాట తప్పదు.

ఇప్పుడు ఒక ఖాతా ఊహించుకుందాం. డీలరు జూన్ 20న 1,80,000, జూలై 25న 1,50,000, ఆగస్టు 30న 90,000 రూపాయల సరుకు తీసుకున్నాడు. సెప్టెంబరులో 60,000 కట్టాడు, ఏ బిల్లుకో చెప్పలేదు. అక్టోబరు 10న లెడ్జర్‌లో బాకీ 3,60,000. ఆఫీసు నుంచి ఫోన్: "మూడు లక్షల అరవై వేలు ఎప్పుడొస్తాయి?" అదే అంకె తీసుకెళ్లి డీలరు ముందు పెడితే మొదటి నిమిషంలోనే మాట చెడుతుంది, ఎందుకంటే అందులో ఆగస్టు బిల్లుకి ఇంకా గడువే తీరలేదు. దాన్ని తీసేసి, కట్టిన 60,000 పాత బిల్లుకి జమ చేస్తే, గడువు దాటింది 2,70,000.

అక్కడితోనూ అయిపోదు. డీలరు పుస్తకం తీస్తాడు. ఆగస్టులో వెనక్కి పంపిన సరుకు 36,000, స్కీమ్ కింద రావాల్సింది 24,000. రెండింటికీ క్రెడిట్ నోటు రాలేదు. ఆ 60,000 తేలేదాకా మొత్తం ఆపేస్తానంటాడు. ఇలాంటి తగాదాల్లో తప్పు తరచూ మన ఆఫీసుదే అయి ఉంటుందని ఒప్పుకోవాలి. సేల్స్ ఆఫీసర్ ఇక్కడ చేయాల్సింది ఆ రెండు లెక్కలనూ విడదీయడం. "ఆ అరవై వేల కాగితాలు ఇప్పుడే ఫోటో తీసి పంపిస్తున్నానండీ, శుక్రవారంలోగా అవుననో కాదనో చెప్తాను. మిగతా రెండు లక్షల పదివేల మీద మీకూ నాకూ పేచీ లేదు కదా?" లేదని ఆయన నోటితో అన్నాక, అడగడం సగం తేలికవుతుంది. శుక్రవారం ఫోన్ చేయడం మాత్రం మరిచిపోకూడదు. మనం తేదీ తప్పితే ఆయన తేదీని అడిగే ముఖం మనకుండదు.

ఆ 2,10,000 ఒకేసారి రాదు. "పత్తి రాగానే" అన్నదానికి "ఏ వారం అనుకుంటున్నారు, ముందు ఎవరి దగ్గర్నుంచి వస్తాయి?" అని అడిగితే నిజం బయటపడుతుంది. వసూళ్ల మీదే ఆధారపడ్డ డీలరు ఊళ్ల పేర్లు చెప్తాడు, మొదటి ఏరుడు అయిందో లేదో చెప్తాడు. డబ్బుండీ వేరే కంపెనీకి ముందు కట్టినవాడు మాట దాటేస్తాడు. మొదటివాడితో అక్టోబరు 20కి 60,000, నవంబరు 10కి 75,000, నవంబరు 30కి 75,000 అని తేదీలు కుదుర్చుకోవచ్చు.

అయితే ఈలోగా ఆయన కొత్త సరుకు అడుగుతాడు. పూర్తిగా ఆపేస్తే షాపులో మన మందు ఉండదు, పక్క కంపెనీవాడు సరుకు దింపుతాడు, వచ్చే డబ్బు వాడికి వెళ్తుంది. అడిగినంతా ఇస్తే బాకీ తరగదు. మధ్యేమార్గం ఒకటుంది. కట్టినదాంట్లో సగం మేరకే కొత్త సరుకు. 60,000 కడితే 30,000 సరుకు వెళ్తుంది, షాపూ నడుస్తుంది, మన బాకీ 30,000 తగ్గుతుంది. ఇది కంపెనీ నియమమని చెప్పగలిగేలా మేనేజరుతో ముందే ఒప్పించుకుంటే, ప్రతిసారీ కాదనే పాపం మీ నెత్తిన పడదు.

అడిగే వేళ కూడా చూసుకోవాలి. బోణీ కాకముందు, కౌంటరు దగ్గర రైతులుండగా బాకీ మాటెత్తితే డబ్బు రాదు, మర్యాద పోతుంది. గడువుకి నాలుగైదు రోజుల ముందు బిల్లు కాపీతో ఒక మెసేజ్, గడువు రోజున ఒక ఫోన్, వారం దాటితే స్వయంగా వెళ్లడం. ముందు గుర్తుచేసినందుకు కోపగించుకునే డీలరు అరుదు. రెండు నెలలు మొహం చాటేసి హఠాత్తుగా మేనేజరుని వెంటబెట్టుకొచ్చినవాడి మీదే కోపం.

గడువు దాటకముందే కనిపించే గుర్తు ఒకటుంది, లెడ్జర్‌లోనే దొరుకుతుంది. వారంలో కడితే 4 శాతం క్యాష్ డిస్కౌంట్ అనుకోండి. 53 రోజులు ముందుగా కట్టినందుకు నూటికి నాలుగు, అంటే నెలకు నూటికి రెండు రూపాయల పైచిలుకు. రూపాయిన్నర వడ్డీకి అప్పు పుట్టే డీలరు అప్పు చేసైనా దాన్ని వదులుకోడు. ఏళ్లుగా ఆ డిస్కౌంట్ తీసుకున్నాయన ఉన్నట్టుండి మానేశాడంటే చేతిలో డబ్బు లేదు, అప్పు కూడా పుట్టడం లేదని అనుమానించాలి. ఆర్డరు అలవాటు కంటే పెద్దదైతే ఇంకా అనుమానం. అరువు పరిమితి తగ్గించాల్సింది అప్పుడే. లక్ష రూపాయలు మునిగితే, నికర లాభం 5 శాతమున్న కంపెనీ దాన్ని పూడ్చుకోవడానికి ఇరవై లక్షల సరుకు అమ్మాలి.

చట్టం కూడా కొంత సాయం చేస్తుంది, అదీ గొంతు పెంచకుండా. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరుకు సొమ్ము చెల్లించకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను కొన్నవాళ్లు వడ్డీతో వెనక్కి కట్టాలి. రసాయన మందుల మీద పన్ను 18 శాతం కాబట్టి అది చిన్న మొత్తం కాదు. నాలుగో నెలలో "మీ ఆడిటరుగారిని ఒకసారి అడగండి" అంటే చాలు. ఏడాదికోసారి బాకీ నిర్ధారణ కాగితం మీద సంతకం తీసుకోవాలి. అప్పు మీద దావాకి మామూలు గడువు మూడేళ్లు, ఆ గడువులోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే అది మళ్లీ మొదట్నుంచి లెక్కకొస్తుంది.

హామీగా తీసుకున్న చెక్కును బ్యాంకులో వేయడం చిట్టచివరి పని. చెక్కు తిరిగొస్తే, ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అవతలివాళ్లకు 15 రోజులు టైమివ్వాలి, అప్పటికీ కట్టకపోతే నెలలోగా కోర్టుకి వెళ్లాలి. మధ్యలో కొంత కట్టించుకుని, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పాత మొత్తానికే వేస్తే కేసు నిలవదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ నిర్ణయం కంపెనీ క్రెడిట్ విభాగం తీసుకోవాలి, నోటీసు వాళ్ల పేరు మీదే వెళ్లాలి. సేల్స్ ఆఫీసర్ దానికి ముందురోజే షాపుకెళ్లి, నోటీసు వస్తోందనీ, ఫలానా తేదీలోగా ఇంత కడితే ఆగుతుందనీ తానే చెప్పిరావాలి.