డెస్క్‌టాప్‌కి యూపీఎస్ కొంటున్నారా? డబ్బా మీద వీఏ ఒక్కటే చూస్తే సరిపోదు

ఎండాకాలం వచ్చిందంటే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "600 వీఏ యూపీఎస్ సరిపోతుందా, 1000 తీసుకోవాలా?" దీనికి జవాబు కావాలంటే ముందు వాట్లు చూడాలి. 600 వీఏ అని పెద్ద అక్షరాలతో రాసిన మోడల్ చాలాసార్లు ఇచ్చేది 360 వాట్లే. ఆ అంకె డబ్బా వెనకాల చిన్నగా ఉంటుంది.

నా పీసీనే లెక్క వేద్దాం. ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్‌తో కొలిస్తే గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 280 వాట్లు లాగుతోంది. అంటే 360 వాట్ల యూపీఎస్ మోయగలదు. మరి ఎంతసేపు? లోపల ఉండేది మామూలుగా 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ అవర్లు, అంటే కాగితం మీద 18 నిమిషాలు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని ఇంత వేగంగా ఖాళీ చేస్తే దాదాపు సగమే చేతికొస్తుంది. ఇన్వర్టర్ నష్టం కూడా తీసేస్తే కొత్త బ్యాటరీతో ఐదారు నిమిషాలు. ఫైల్ సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి ఇది చాలు, గంట కోతని దాటడానికి చాలదు.

వేడి గదిలో ఈ బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసిస్తుంది. అప్పుడు దాని స్థానంలో లిథియం బ్యాటరీ పెట్టేద్దాం అనుకోకండి. 280 వాట్ల లోడ్‌కి బ్యాటరీ నుంచి దాదాపు 30 ఆంపియర్లు వెళ్తాయి. చిన్న లిథియం ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్ అంత కరెంటుకి కట్ అయిపోవచ్చు. చార్జింగ్ వోల్టేజీ కూడా దానికి తగ్గట్టు ఉండదు. లిథియం కావాలంటే దానికోసమే తయారుచేసిన యూపీఎస్ తీసుకోండి.

ఇక వేవ్‌ఫామ్. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు నున్నటి సైన్ వేవ్ బదులు మెట్లు మెట్లుగా ఉండే వేవ్ ఇస్తాయి. మంచి పవర్ సప్లైల్లో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ, వోల్టేజీ వేవ్‌ని అనుసరిస్తూ కరెంటు తీసుకుంటుంది. మెట్ల వేవ్ తగిలితే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగవచ్చు. దాంతో యూపీఎస్ ఓవర్‌లోడ్ అని బీప్ కొట్టి ఆగిపోతుంది, లేదా పీసీ రీస్టార్ట్ అవుతుంది. అన్ని పవర్ సప్లైలకీ ఇలా జరగదు. కానీ గేమింగ్ పీసీకి ప్యూర్ సైన్ వేవే నమ్మకం.

కొన్న రోజే పరీక్షించండి. ఫైళ్లు సేవ్ చేసి, గేమ్ నడుపుతూ, గోడ మీది స్విచ్ ఆపండి. ప్లగ్ పీకొద్దు, ఎర్త్ పోతుంది. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు నిలబడి, లోడ్ మీద పడిపోతే, రిటర్న్ గడువు దాటకముందే మార్చేయండి.